సగం ఏడు అంటే ఎంత?

"జామ్ కారెత్, పాక్?" అన్నారు ఎదురింటి పెద్దాయన, మోకాళ్ళ దాకా మురుగులో నిలబడి పార ఎత్తుతూ. రబ్బరు గంటా అండీ, అని. నవ్వుతూనే అన్నారు. కాలవ పొడవునా ఉన్న పదిహేను మందీ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ చెప్పులు విడిచి లోపలికి దిగుతున్నంతసేపూ నా చెవులు వేడిగానే ఉన్నాయి.

ఆలస్యంగా రావడాన్ని ఎగతాళి చేసే ఆ మాటను ఆ వీధిలో అంతకు రెండు వారాల ముందు గట్టిగా వాడినవాణ్ణి నేనే మరి.

నేనుండేది ఇండోనేషియాలో, పశ్చిమ జావాలోని పుర్వకర్తలో, జకార్తా నుంచి బండుంగ్ వెళ్ళే దారిలో. నూలు మిల్లులో యంత్రాల మరమ్మతు చూస్తాను. ఇక్కడ కొన్ని పదుల ఇళ్ళకు కలిపి ఒక ఎర్తె ఉంటుంది, దానికో పెద్ద ఉంటాడు. ఆయనను పాక్ ఎర్తె అంటారు. పాక్ అంటే తండ్రి అని అర్థం, మగవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. చివరి 'క్' గొంతులోనే ఆగిపోతుంది, నాకింకా సరిగా రాదు. ఆ నెల వీధి సమావేశానికి ఇషా నమాజు తర్వాత రమ్మన్నారు. నేను ఏడుంబావుకల్లా వెళ్ళి కూర్చున్నాను. చాప పరిచి ఉంది, మనుషులు లేరు. ఒక్కొక్కరే వచ్చి, చేతులు కలిపి, టీ తాగి, మాటల్లో పడేసరికి ఎనిమిది దాటింది. అప్పుడు నా వంతు రాగానే, వచ్చీరాని భాషలో, ఇదేం జామ్ కారెత్, మిల్లులో ఇలా ఉంటే నూలు తెగిపోతుందని ఉపన్యాసం ఇచ్చాను. అందరూ మర్యాదగా తలూపారు.

తర్వాత ఫోనుకు కబురు వచ్చింది. ఆదివారం పొద్దున కెర్జా బక్తి, అంటే వీధంతా కలిసి చేసే పని. వానలు ముదరకముందే మురుగు కాలవ తీయాలి. సమయం 'సెతెంగా తుజు'. సెతెంగా అంటే సగం, తుజు అంటే ఏడు. ఏడున్నర అనుకున్నాను. మిల్లులో వేళలన్నీ అంకెల్లో రాసి ఉంటాయి కాబట్టి ఈ మాట అంతకుముందు నాకు తగల్లేదు. ఏడున్నర అన్నారంటే ఎనిమిదింబావు అని రబ్బరు లెక్క కూడా కలుపుకుని, తీరిగ్గా ఉప్మా తిని బయల్దేరాను.

సెతెంగా తుజు అంటే ఏడు కావడానికి సగం తక్కువ. అంటే ఆరున్నర. డచ్చి వాళ్ళూ ఇలాగే చెబుతారు, వాళ్ళ దగ్గర అంటిన అలవాటని అంటారు. నేను వెళ్ళేసరికి పని మొదలై గంటా ముప్పావు అయింది. కాలవ మూడొంతులు అయిపోయింది, తీసిన బురద కుప్పలుగా ఆరుతోంది, ఆడవాళ్ళు సోయా గింజలతో చేసి వేయించి తెచ్చిన తెంపె పళ్ళెంలో రెండు ముక్కలే మిగిలాయి. ఎండ ముదరకముందే ముగించాల్సిన పనికి రబ్బరు పెట్టుకోవచ్చని నాకెందుకు తోచిందో!

ఇక ఆ మిగిలిన పని. కాలవ మీద సిమెంటు పలకలు ఉంటాయి. గునపంతో ఒక మూల లేపి, నలుగురు నాలుగు వైపులా పట్టుకుని పక్కన పెట్టాలి, తీశాక మళ్ళీ మూయాలి. నాకో మూల ఇచ్చారు. "సాతు, దువా, తీగా" అని లెక్క. ఒకటి, రెండు, మూడు. నేను 'మూడు' అయ్యాక ఎత్తాను. వాళ్ళు 'మూడు'తోపాటే ఎత్తేశారు. పలక నా వైపు ఒరిగింది. పక్కనున్న కుర్రవాడు మోకాలు అడ్డం పెట్టకపోతే నా బొటనవేలు ఈ రోజు ఉండేది కాదు. రెండోసారి సరిపోయింది. నలుగురిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, పలక గాలిలో సమంగా లేచింది. ఇలా అందరూ కలిసి పనిచేయడాన్ని ఇక్కడ గోతోంగ్ రోయోంగ్ అంటారు, అందులో గోతోంగ్ అంటే కలిసి మోయడమేనని మిల్లులో స్థానిక గుమాస్తా తర్వాత చెప్పాడు. 1945 జూన్ 1న, తర్వాత తొలి అధ్యక్షుడైన సుకర్ణో దేశానికి అయిదు మూలసూత్రాలు ప్రతిపాదించి, వీటన్నిటినీ ఒక్కటిగా పిండితే మిగిలేది గోతోంగ్ రోయోంగ్ అన్నాడట. బళ్ళో ప్రతి పిల్లవాడూ చదువుతాడు.

మరి ఇంత కచ్చితంగా కలిసి ఎత్తేవాళ్ళు సమావేశానికి గంట ఆలస్యంగా వస్తారేమిటి? చాలా రోజులు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. బద్ధకం అందామంటే, మిల్లులో ఆరింటి షిఫ్టుకు పావుతక్కువ ఆరుకే వేలిముద్ర యంత్రం ముందు వరుస ఉంటుంది. తర్వాత ఒక తెల్లవారుజామున మసీదు మైకులో ఒక పేరు వినిపించింది. లేచి, చొక్కా వేసుకుని వీధిలోకి వచ్చేసరికి ఆ ఇంటి ముందు పసుపు జెండా లేచింది. వీధి ఉమ్మడి గుడారం సగం కట్టేశారు, కుర్చీలు వస్తున్నాయి, ఇద్దరు పారలతో శ్మశానం వైపు వెళ్ళారు. ఇక్కడ ఆ రోజే పూడుస్తారు. ఎవరికీ వేళ చెప్పలేదు, ఎవరూ ఆలస్యం కాలేదు.

ఎండకు, నమాజుకు, చావుకు గంట సాగదు. అతిథిగా వెళ్ళేచోట మాత్రం సాగుతుంది, అసలు సాగకపోతేనే తప్పు. ఒకసారి పక్కింటి విందుకు చెప్పిన వేళకే వెళితే ఇల్లాలు తడి జుట్టుతో తలుపు తీసి గాభరాపడింది. భూమధ్యరేఖకు ఇంత దగ్గర్లో సూర్యాస్తమయం ఏడాది పొడవునా అరగంటకు మించి అటూఇటూ జరగదు కాబట్టి, సూర్యాస్తమయపు నమాజును చెప్పే 'మగ్రిబ్ తర్వాత' అన్న మాట వాళ్ళకు ఆరు గంటలంత కచ్చితం. ఆ 'తర్వాత' ఎంత అన్నదాంట్లోనే ఉంది రబ్బరంతా. మనకు మాత్రం ఇది తెలియదా? ముహూర్తం నిమిషాలతో సహా అచ్చు వేసిన శుభలేఖలోనే విందు వేళ ఉంటుంది, దాన్ని ఎవరు నమ్ముతారు? సమావేశంలో నేను ఉపన్యాసం దంచిన రోజున ఈ సంగతి గుర్తు రాలేదు.

అలాగని గోతోంగ్ రోయోంగ్‌ను మన ఊరి శ్రమదానంతో పోల్చి నేను మురిసిపోవడం లేదు. మన దగ్గర గంప పట్టుకున్న ఫొటో దిగాక గంప కింద పెడతారు, నిజమే. కానీ ఇక్కడిది పూర్తిగా ఇష్టపడి చేసేదీ కాదు. రానివాడి పేరు ఎవరూ రాయరు, అందరికీ తెలుస్తుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు నిద్రకళ్ళతో బురద ఎత్తడం చూశాను. రాలేనివాడు కాఫీ పొట్లాలో, సిగరెట్ల పెట్టో పంపి ఊపిరి పీల్చుకుంటాడు. గేట్లున్న కొత్త కాలనీల్లో నెలకింతని కట్టేసి మనుషుల్ని పెట్టుకుంటున్నారు. నేను కూడా మొదట కవరులో డబ్బు పెట్టి పంపుదామనే అనుకున్నాను. పాక్ ఎర్తె ముందు ఆ మాట ఎత్తితే ఆయన కవరు వైపు చూడకుండా, "పలకకు మూలలు నాలుగు కదా, పాక్" అన్నారు.

పోయిన నెల నాకు గురువారం రాత్రి కాపలా పడింది. పది గంటలకు, అని అంకెల్లోనే రాశారు. సరిగ్గా పదికి కాపలా పాకలో ఉన్నాను. వేలాడదీసిన చెక్క గంట, దాని కర్ర, ఒక బల్ల, నేను. దోమలు. పది నలభైకి ఎదురింటి పెద్దాయన కాఫీ ఫ్లాస్కుతో వచ్చి, "చాలాసేపయిందా?" అని అడిగారు.

"లేదండీ," అన్నాను, "ఇప్పుడే వచ్చాను."