రోజుకు ఎంత అడగాలి? సొంతంగా పని మొదలుపెట్టిన ఎలక్ట్రీషియన్ లెక్క

అనంతపురంలో ఒక మేస్త్రి కింద చాలా ఏళ్లు హౌస్ వైరింగ్ పని చేశాను. చివర్లో రోజుకు 800 ఇచ్చేవాడు. మిషన్లు ఆయనవే. సైటు వెతకడం, ఓనరుతో మాట్లాడడం, డబ్బు వసూలు చేయడం కూడా ఆయన పనే. నేను పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడిని. సొంతంగా చేసుకుందామని బయటికి వచ్చినప్పుడు తోటి పనివాళ్లంతా ఒకే మాట చెప్పారు: "వెయ్యి అడుగప్పా, 200 ఎక్కువే కదా." వినడానికి బాగానే ఉంది. కానీ ఒప్పుకునే ముందు, ఆ వెయ్యి ఏడాదిలో ఎన్ని రోజులు చేతికొస్తుందో రాసి చూసుకోవాలనిపించింది.

ఏడాదికి 365 రోజులు. ఆదివారాలు 52 పోతే 313. సంక్రాంతి, ఉగాది, దసరా, ఊళ్లో జాతర, బంధువుల పెళ్లిళ్లు, చావులు, జ్వరాలు అన్నీ కలిపి 40 రోజులు తీసేశాను. 273 మిగిలాయి. తర్వాతది అసలైన కోత. మా పనిలో రోజులు ఒకదాని వెంట ఒకటి రావు. స్లాబ్ వేసేటప్పుడు పైపులు పరిచి వచ్చేస్తాం. గోడలు లేచేదాకా ఆ ఇంట్లో మనకు పని లేదు. గోడల్లో కటింగ్ చేసి పైపులు, బాక్సులు పెడతాం. ప్లాస్టరింగ్ అయ్యేదాకా మళ్లీ ఖాళీ. వైర్లు లాగాక పెయింటింగ్ కోసం ఆగాలి. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి ఫిట్టింగ్ పనీ తగ్గుతుంది. ఇంకో సైటు దొరికితే ఆ ఖాళీ నిండుతుంది, అన్నిసార్లూ దొరకదు. అందుకని 45 రోజులు తీసేశాను. 228.

ఆ 228 రోజులూ నేను పనిలోనే ఉంటాను, కానీ అన్నిటికీ డబ్బు రాదు. ఇల్లు చూసి ఎస్టిమేట్ చెప్పడానికి బుక్కరాయసముద్రం దాకా పోయి వస్తే పూట గడిచిపోతుంది, ఆ పని వేరేవాళ్లకు పోవచ్చు. ఓనరును షాపుకు తీసుకెళ్లి వైరు, స్విచ్‌లు ఇప్పించాలి. పని అయ్యాక ఒక స్విచ్ పట్టేసినా ఫోన్ మనకే వస్తుంది. బాకీ డబ్బు కోసం తిరగాలి. పూటలు, గంటలు కలిపితే 28 రోజులవుతాయని వేసుకున్నాను. నికరంగా డబ్బొచ్చే రోజులు 200.

ఇక ఖర్చులు. హ్యామర్ మిషన్, గోడ కటింగ్ మిషన్, చిన్న డ్రిల్, క్లాంప్ మీటర్, నిచ్చెన, చేతి పనిముట్లు కలిపి 36,000. రోజూ వాడితే మూడేళ్లు నిలుస్తాయనుకుని ఏడాదికి 12,000 వేశాను. కొన్న రోజే డబ్బు పోయింది కదా, ఇక ఖర్చేముంది అని చాలామంది అనుకుంటారు. మిషన్ కాలిపోయిన రోజున కొత్తది కొనడానికి ఈ పన్నెండు వేలే పక్కన ఉండాలి. లేకపోతే వడ్డీకి తెచ్చుకోవాల్సి వస్తుంది. కటింగ్ బ్లేడ్లు, డ్రిల్ బిట్లు, కార్బన్ బ్రష్‌లకు 8,000. పాత ఊళ్లో రాతి గోడల ఇళ్లు తగిలితే బిట్లు ఎంత తొందరగా అరిగిపోతాయో చేసినవాళ్లకే తెలుసు. పెట్రోలు రోజుకు 100 పైనే, డబ్బు రాని తిరుగుళ్లు కూడా కలిపి 26,000. బండి సర్వీసింగ్, టైర్లు, ఇన్సూరెన్స్ 9,000. ఫోన్ 5,000. మొత్తం 60,000.

ఇప్పుడు ఆ వెయ్యిని చూడండి. 200 రోజులకు రెండు లక్షలు. ఖర్చులు పోతే 1,40,000. మేస్త్రి కింద 250 రోజుల పని దొరికినా 800 లెక్కన రెండు లక్షలు వచ్చేవి, అదీ ఒక్క మిషన్ కొనకుండా. అంటే వెయ్యికి ఒప్పుకుంటే నా ఆదాయం పెరగదు సరికదా, 60,000 తగ్గుతుంది.

అందుకని లెక్కను తిరగేశాను. ఇల్లు గడవడానికి నెలకు 20,000 కావాలి, ఏడాదికి 2,40,000. దానికి ఖర్చుల 60,000 కలిపితే మూడు లక్షలు. దాన్ని 200తో భాగిస్తే 1,500. ఎగ్గొట్టే బాకీల కోసం ఇంకో వంద కలపమన్నాడు మా బావ. నేను కలపలేదు. మంచిగా డబ్బిచ్చే వాళ్ల మీద ఆ భారం వేయడం నాకు నచ్చదు. దాని బదులు స్లాబ్ పైపులకు, వైరింగ్‌కు, ఫిట్టింగ్‌కు విడివిడిగా డబ్బు తీసుకుంటాను. ఒక దశ డబ్బు రాకుండా రెండోది మొదలుపెట్టను.

"ఏమప్పా, వేరేవాళ్లు వెయ్యికే వస్తారు కదా" అని అడగని ఓనరు లేడు. నిజమే, వస్తారు. అలా వచ్చేవాళ్లలో కొందరికి సామాను షాపులో కమిషన్ ముడుతుంది. అది చివరికి ఓనరు బిల్లులోంచే వస్తుంది. నేను కమిషన్ తీసుకోను. షాపు మీరే ఎంచుకోండి, నా కూలి ఇది అని ముందే చెప్తాను. కొందరు ఒప్పుకోరు. అప్పుడు రోజులు తగ్గుతాయి, ఆ లెక్క కూడా చూశాను. 1,500 చొప్పున 170 రోజులే దొరికినా 2,55,000 వస్తుంది, ఖర్చులు పోతే 1,95,000. వెయ్యి చొప్పున 240 రోజులు దొరికినా ఖర్చులు పోగా 1,80,000 దాటదు. అయితే ఇంటికి కావాల్సిన 2,40,000 కన్నా అది తక్కువే, 170 కన్నా ఇంకా తగ్గిపోతే మాత్రం ఇంట్లో ఇబ్బంది బాగా పెరుగుతుంది. అందుకే క్యాలెండర్‌లో డబ్బొచ్చిన రోజుకు టిక్కు, పూటకు సగం టిక్కు, ఉత్త తిరుగుడికి సున్నా పెడుతుంటాను. నెలకు పదిహేడు టిక్కులు ఉండాలి. వరుసగా కొన్ని నెలలు పధ్నాలుగు దాటకపోతే రేటు గురించి గానీ, పని వెతికే తీరు గురించి గానీ మళ్లీ ఆలోచించాలి.

చిన్న పనులకు ఈ రేటును ఎనిమిది గంటలతో భాగిస్తే సరిపోదు. 1,500ను ఎనిమిదితో భాగిస్తే గంటకు 190 కూడా రాదు. ఫ్యాన్ బిగించడం అరగంట పనే, కానీ రుద్రంపేట నుంచి ఊరి ఇంకో చివరికి పోయి రావడానికి గంట పైనే పడుతుంది. చిన్న పనులతో నిండిన రోజున చేతిలో స్క్రూడ్రైవర్ ఉండేది నాలుగు గంటలే. అందుకే ఇంటికి వస్తే మొదటి గంటతో కలిపి 400 తీసుకుంటాను, ఆ తర్వాత ప్రతి గంటకూ 200. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి పిలిస్తే రెండో ఇంటి నుంచి 250కే చేస్తాను, ఎందుకంటే అక్కడ దారి ఖర్చు లేదు.

మొత్తం ఇంటికి స్క్వేర్ ఫీట్ లెక్కన మాట్లాడమంటే ముందు రోజులే లెక్కేస్తాను. మామూలు ఫిట్టింగులున్న వెయ్యి అడుగుల ఇంటికి నాకూ హెల్పర్‌కూ 20 రోజులు పడుతుందనుకుందాం. నాది 30,000, హెల్పర్‌కు రోజుకు 600 చొప్పున 12,000. అంటే 42 రూపాయలకు తగ్గితే నా 1,500లోంచే పోతుంది. 45 చెప్తాను. ఫాల్స్ సీలింగ్ లైట్లు ఉంటే ఆ పాయింట్లకు వేరే రేటు. ఈ మాట ఎస్టిమేట్ కాగితం మీదే రాసి సంతకం పెట్టించుకుంటాను, ఎందుకంటే సీలింగ్ ఆలోచన ఓనర్లకు ఎక్కువగా ఇల్లు సగం అయ్యాకే వస్తుంది.