నీడలో ఒక మధ్యాహ్నం, ఫోన్‌లో ఒక మధ్యాహ్నం

అమలాపురంలో మా మేడ మీద నిలబెట్టిన కర్ర నీడ ఉత్తరం గీత మీదికి వచ్చేసరికి నవంబర్ 3న ఫోన్‌లో 11:46 అయింది, ఫిబ్రవరి 11న అదే గీత మీదికి వచ్చేసరికి 12:16. అరగంట తేడా! మన టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం ఇక్కడికి దగ్గరే, కాబట్టి ఊరి వల్ల వచ్చే తేడా 2 నిమిషాలే. అదీ రెండు రోజులూ ఒకటే. ఆ అరగంటంతా సూర్యుడి గమనంలోనే ఉంది.

గడియారానికి ప్రతి రోజూ 24 గంటలే. కానీ డిసెంబర్ చివర్లో ఒక మధ్యాహ్నం నుంచి మరో మధ్యాహ్నానికి దాదాపు 30 సెకన్లు ఎక్కువ పడుతుంది. ఆ రోజుల్లో భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చి వేగంగా కదులుతుంది, అందుకే మళ్లీ సూర్యుడికి ఎదురు రావాలంటే ఇంకాస్త ఎక్కువ తిరగాలి. దానికి తోడు అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండడంతో ఆకాశంలో సూర్యుడు తూర్పుకి వేసే రోజువారీ అడుగూ అప్పుడే పెద్దదవుతుంది. రెండూ ఒకేవైపు లాగుతాయి. డిసెంబర్ 25న 12:02కి వచ్చిన నీడ సంక్రాంతికి 12:11కి జరిగిపోతుంది.

మీరూ చూడాలనుకుంటే అతి పొట్టి నీడ కోసం వెతక్కండి, మధ్యాహ్నం దగ్గర దాని పొడవు మారడం కంటికి ఆనదు. కర్ర చుట్టూ వృత్తం గీసి, ఉదయం, సాయంత్రం నీడ కొన దాన్ని తాకిన రెండు చోట్లా గుర్తు పెట్టండి. వాటి మధ్య బిందువు నుంచి కర్రకు గీసిందే ఉత్తరం గీత.