పరీక్ష రోజు పొద్దున నా కడుపు చేసిన పని

గ్రూప్-2 తుది జాబితాలో నా హాల్ టికెట్ నంబరు ఉంది. ఏ పుస్తకాలు చదివావని అందరూ అడుగుతున్నారు. హనుమకొండ గ్రంథాలయంలో మీరంతా చదివేవే. ఎవరూ అడగని సంగతి ఒకటి చెబుతాను.

2023 జూలై 1, గ్రూప్-4. నాలుగింటికి అలారం పెట్టుకుని లేచాను. ఏడు లోపు నాలుగు సార్లు విరేచనాలు. అమ్మ చేసిన ఉప్మా వాసనకే కడుపులో దేవింది. నీళ్లు తాగితే మళ్లీ పరుగెత్తాలని అవీ మానేసి, ధైర్యం కోసం రెండు సార్లు టీ తాగాను. పేపర్-1 సగానికి వచ్చేసరికి చేతులు వణికాయి. ఒకే ప్రశ్నను మూడు సార్లు చదివినా బుర్రకెక్కలేదు. సాయంత్రం పేపర్-2 అయిపోయాక మాత్రం బస్టాండులో రెండు ప్లేట్ల పూరీ తిన్నాను. కడుపు కిక్కురుమనలేదు!

"సరిగ్గా చదివినవాడికి భయమెందుకు?" అన్నాడు బాబాయి. రోజుకు పది గంటలు చదివినవాడిని. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు.

డాక్టరు దగ్గరికి వెళితే ముందు అడిగినవి ఇవి: విరేచనం నిద్రలోంచి లేపుతుందా, జ్వరం గానీ రక్తం గానీ ఉందా, బరువు తగ్గావా, పరీక్షలు లేని వారాల్లోనూ ఇలాగే ఉంటుందా? ఒక్కదానికి అవునన్నా వైద్య పరీక్షలు చేయించమనేవారట, నాది మాత్రం ఆందోళన వల్లేనని చెప్పారు. భయపడితే విడుదలయ్యే రసాయనాలు జీర్ణాశయాన్ని నెమ్మదింపజేసి, పెద్దపేగును తొందరపెడతాయట. అందుకే పైన వికారం, కింద పరుగు. టీ ఆ పేగును ఇంకా కదిలిస్తుంది. వణుకుకు మాత్రం ఖాళీ కడుపు, నీళ్లు లేకపోవడం కూడా తోడయ్యాయి.

ఆ తర్వాత ఆదివారం మాక్ టెస్టులను చదువు కోసం కాదు, కడుపు కోసం రాశాను. ఇంట్లో రాస్తే కడుపుకు అసలు పరీక్ష కాదని తెలిసిపోతుంది. అందుకే బస్సెక్కి కోచింగ్ సెంటరులో, పది గంటలకే రాసేవాడిని. ఐదింటికి లేవడం, టీ లేదు, ఆరున్నరకు నాలుగు ముద్దలు పెరుగన్నం. అదీ దిగకపోతే లీటరు నీటిలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి గుక్కెడు గుక్కెడు. విరేచనాలు ఆగడానికి డాక్టరు రాసిన లోపెరమైడ్ మాత్రను కూడా ఒక ఆదివారమే వేసి చూశాను. కడుపు బిగుసుకుపోయింది, పక్కన పెట్టాను. అసలు పరీక్ష రోజు మొదటిసారి వేసి ఉంటే ఏమయ్యేదో! మొదటి మూడు ఆదివారాలు పాత కథే. ఆరోది వచ్చేసరికి ఒక్కసారితో సరిపోయింది.

ఇదంతా క్రమశిక్షణే అంటాను, నవ్వేవాళ్లు నవ్వండి.

2024 డిసెంబరు 15, గ్రూప్-2. వికారం మళ్లీ వచ్చింది. రెండు సార్లు వెళ్లాను, పెరుగన్నం సగమే తిన్నాను. పేపర్ మొత్తం చెయ్యి వణకకుండా రాశాను. మర్నాడు పొద్దున అమ్మ గిన్నెలో సగమే పెడితే, మళ్లీ వేయమన్నాను.