వక్కాకు, బుగ్గలో తెల్లమచ్చ, బయాప్సీ: మా అమ్మ విషయంలో నా అనుభవం

మా అమ్మకు వక్కాకు అలవాటైంది నేను పుట్టినప్పుడట. బాలింతకు ఆకూవక్కా ఇవ్వడం మా పూతలపట్టు వైపు మామూలే. పొగాకు తునక తర్వాతెప్పుడో చేరింది, చెనక్కాయల పనికి పోయేటప్పుడు ఆకలి తెలియకుండా ఉంటుందని. పోనుపోను వక్కాకు తిత్తి లేకుండా ఆమె గడప దాటేది కాదు. నమిలిన ముద్దను ఎడమ బుగ్గలో కింది చిగురు పక్కన పెట్టుకునేది. రాత్రి దాంతోనే నిద్రపోయేది కూడా.

మొదట తేడా కనిపించింది తిండిలో. సంగట్లోకి ఊరుబిండి లేకపోతే ముద్ద దిగని మనిషి, నోరు మండుతోందని మజ్జిగ పోసుకుని తినడం మొదలుపెట్టింది. సంగటి ముద్దలు కూడా చిన్నవయ్యాయి. పళ్లు కదులుతున్నాయి కాబట్టి అట్లా తింటోందేమో అనుకున్నాం. ఊళ్లో ఒక క్లినిక్‌లో నోటిపూత అని చెప్పి పూసుకునే జెల్లు, బి కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చారు. నోరు తెరిపించి లైటు వేసి చూడలేదు. నెల దాటినా మంట తగ్గలేదు. తిరుపతిలో మా ఇంటికి వచ్చినప్పుడు నేనే సెల్ టార్చి వేసి చూశాను. ఎడమ బుగ్గ లోపల, కింది పళ్లకు ఎదురుగా, గోరంత వెడల్పున తెల్లటి మచ్చ. దాని మధ్యలో ఒకచోట ఎర్రగా ఉంది. నొప్పి లేదంది.

మరుసటి వారం ఒక డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాను. పళ్లు పీకే చోటుకు పోకుండా ఓరల్ మెడిసిన్ విభాగంలో చూపించమని తెలిసిన నర్సు చెప్పింది. నోటి లోపలి పొర జబ్బులు చూసేది వాళ్లే. అక్కడి డాక్టరమ్మ ముందుగా గాజుగుడ్డతో మచ్చను గట్టిగా తుడిచింది. ఫంగస్ వల్ల వచ్చిన తెలుపైతే చాలావరకు ఊడి వస్తుందట. ఇది రాలేదు. "ముద్ద ఈ పక్కే పెట్టుకుంటారు కదమ్మా?" అని అడిగింది. మా అమ్మ నా వైపు చూసింది, నేనేదో చెప్పేశాననుకుని. నేనేమీ చెప్పలేదు. మచ్చ సరిగ్గా ముద్ద కూర్చునే చోటే ఉంది, అంతే.

తర్వాత రెండు బుగ్గలనూ లోపలా బయటా వేళ్లు పెట్టి తడిమింది. నా వేలికి కూడా గ్లవ్ తొడిగించి చూడమంది. మెత్తగా ఉండాల్సిన బుగ్గ లోపల నిలువుగా ఒక గట్టి పట్టీ తాడులా తగిలింది. చిన్న స్కేలు తీసుకుని, నోరు ఎంత తెరవగలదో అంత తెరిపించి, పై ముందుపళ్లకూ కింది ముందుపళ్లకూ మధ్య కొలిచింది. 26 మిల్లీమీటర్లు. మామూలుగా 40కి అటూ ఇటూ ఉండాలి. ఇంట్లో చూసుకోవాలంటే మన చేతి మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకోవాలి. మూడూ పట్టాలి. మా అమ్మకు రెండే, అవీ ఇరుకుగా. ముద్దలు ఎందుకు చిన్నవయ్యాయో అప్పుడు అర్థమైంది.

అంటే ఒకే నోట్లో రెండు సమస్యలు. తెల్లమచ్చను ల్యూకోప్లేకియా అంటారు. బుగ్గ బిగుసుకుపోవడాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. రెండూ క్యాన్సర్ కావు, కానీ రెండింటికీ అటు తిరిగే గుణం ఉంది. మాకు బాగా ఎక్కాల్సిన సంగతి రెండోదే, ఎందుకంటే దానికి పొగాకుతో పని లేదు. అది వక్క చేసే పని. వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం పొర కింద నార కణాలను రెచ్చగొట్టి కొల్లాజెన్ పేరుకునేలా చేస్తుంది. వక్కలో రాగి కూడా ఎక్కువే, అది ఆ నారలను ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేస్తుంది. సున్నం నోట్లో క్షారగుణం పెంచి పొగాకులోని నికోటిన్ తొందరగా ఒంట్లోకి ఎక్కేలా చేస్తుంది. అలవాటు అంత గట్టిగా పట్టుకోవడానికి అదొక కారణం.

ఇదంతా విన్నాక మా అమ్మ బేరం మొదలుపెట్టింది. "పొగాకు ఇడిసిపెడతాలే తల్లీ. ఉత్త ఆకూవక్కా అయినా ఏసుకోనీ." డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. ఆకు తింటే తినండి, వక్క మాత్రం వద్దు అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ కారకాలను పరిశీలించే సంస్థ ఒకటి ఉంది. పొగాకు కలిపిన తాంబూలం క్యాన్సర్ కారకమని అది 1985లోనే తేల్చింది. 2004లో వెలువరించిన నివేదికలో పొగాకు లేని తాంబూలాన్నీ, ఒట్టి వక్కనూ కూడా అదే జాబితాలో చేర్చింది. తాంబూలం అంటే శుభం అని పెరిగిన మనకు ఇది మింగుడుపడదు. నాకూ పడలేదు.

చిగుళ్ల సంగతి కూడా చెప్పాలి. ముద్ద పెట్టుకునే పక్క చిగురు కిందికి దిగిపోయి పళ్ల వేర్లు గోధుమరంగులో బయటపడ్డాయి. ఇన్నాళ్లూ రక్తం రాలేదు కాబట్టి చిగుళ్లు బాగున్నాయనుకున్నాం. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి చిగుళ్ల జబ్బు ఉన్నా రక్తం కారకపోవచ్చని అక్కడే తెలిసింది. దిగిపోయిన చిగురు దానంతట అది మళ్లీ పైకి రాదు.

మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, బయాప్సీ చేయాలి అనగానే ఇంట్లో గొడవ. కత్తి తగిలితే పుండు రేగి క్యాన్సర్ అవుతుందని మా మేనత్త ఫోన్లో గట్టిగా చెప్పింది. మా అమ్మ రానంది. ఈ భయం మనవైపు చాలామందికి ఉంది. డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పుట్టదు; ముందే ఉంటే తీసినందువల్ల బయటపడుతుంది, జనం దాన్ని తీసినందువల్లే వచ్చిందనుకుంటారు. ఆ మాట మేనత్తకు కూడా నచ్చింది.

బీపీ, షుగర్, రక్తం గడ్డకట్టే పరీక్ష చూశారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడిగారు. ముక్క ఎక్కడినుంచి తీయాలన్నది ముఖ్యం. తెల్లగా ఉన్నచోటు కాకుండా మధ్యలో ఎర్రగా ఉన్న భాగం కలిసేలా తీశారు, మార్పులు ముదిరి ఉంటే అక్కడే ఉంటాయని. మత్తు ఇంజెక్షన్ ఒక్కటే నొప్పి. రెండు కుట్లు పడ్డాయి. ఆ రోజంతా చల్లటి జావ, మజ్జిగ. నిజంగా నరకం అనిపించింది రిపోర్టు వచ్చేదాకా ఉన్న టెన్షన్.

రిపోర్టులో ఫైబ్రోసిస్‌తో పాటు 'మైల్డ్ డిస్ప్లేసియా' అని ఉంది. అంటే పొరలోని అడుగు వరసల్లో కణాలు కొన్ని ఆకారం, అమరిక తప్పాయి. పై వరసలు సరిగానే ఉన్నాయి. పొర దాటి కిందికి ఏదీ దిగలేదు. క్యాన్సర్ కాదు. అదే తీవ్రమైన డిస్ప్లేసియా అని వచ్చి ఉంటే ఆ భాగం మొత్తం తీసేయాల్సి వచ్చేదట. మాకు మాత్రం ముందు అలవాటు ఆపి, కొన్ని వారాల తర్వాత మచ్చ ఎట్లా ఉందో చూసి, అప్పటికీ తగ్గకపోతే తీసేద్దామన్నారు.

ఆపడం అనేది అసలు పని. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ రాసిచ్చారు. మా అమ్మ దాన్ని వక్కాకు నమిలినట్టే నమిలి రసం మింగింది. వరసగా ఎక్కిళ్లు, కడుపులో తిప్పడం. తిరిగి అడిగితే, నాలుగైదు సార్లు నమిలి, చురుక్కుమనగానే ఆపి బుగ్గన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి అన్నారు. మచ్చ లేని కుడి పక్కే పెట్టుకోవాలి. నమిలే ముందు పావుగంట కాఫీ తాగకూడదు, తాగితే మందు సరిగా ఎక్కదు. ఇంత చిన్న సంగతి మొదటిరోజే కాగితం మీద రాసిస్తే బాగుండేది. మొదటి వారం చిరాకు, నిద్రలేమి, మలబద్ధకం. పొగాకు మానడానికి సాయం చేసే 1800112356 క్విట్‌లైన్‌కు కూడా నేను ఫోన్ చేశాను, అది ఉచితం. నోటికి ఏదో ఒకటి ఉండాలంటే వేయించిన సోంపు ఇచ్చాను.

మధ్యలో చంద్రగిరిలో ఒక పెళ్లికి పోతే, భోజనాల తర్వాత పక్కింటామె తియ్యటి వక్కపొడి పాకెట్ చేతిలో పెట్టింది, "పొగాకు లేదులే అక్కా, తిను" అని. మా అమ్మ వేసుకుంది కూడా. తర్వాత రెండు రోజులు ఆకు మీదే ఆశ. అప్పటినుంచి తాంబూలం కవరు ఇంటికి రాగానే వక్కపొడి తీసేసి టెంకాయ, పండు మాత్రం ఇస్తాను.

బుగ్గ బిగుతుకు వారానికొకటి చొప్పున కొన్నాళ్లు బుగ్గలోకి ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంట్లో చేయాల్సిన కసరత్తు ఐస్‌క్రీమ్ పుల్లలతో. వెనక పళ్ల మధ్య పేర్చి పెట్టుకుని కాసేపు ఉంచి, కొన్ని రోజులకు ఇంకో పుల్ల కలపాలి. మా అమ్మ టీవీ సీరియల్ చూస్తూ చేసేది, ఒక్కోసారి మాట్లాడకుండా ఉండటానికి అదే సాకు.

రెండు నెలల తర్వాత చూపిస్తే ఎర్రటి చోటు పోయింది. తెలుపు పలచబడింది, పూర్తిగా పోలేదు. మంట బాగా తగ్గింది. నోరు 26 నుంచి 30 దగ్గరికి వచ్చింది. అంతకు మించి పెద్దగా పెరగకపోవచ్చు, గట్టిపడిన నార వెనక్కి కరగదు అని ముందే చెప్పారు కాబట్టి మేం నిరాశపడలేదు. ఇంకో విచిత్రం, మానేశాక పళ్లు తోముకుంటే రక్తం రావడం మొదలైంది. మా అమ్మ భయపడి, చూశావా మానేస్తేనే జబ్బొచ్చింది అంది. ముడుచుకున్న రక్తనాళాలు తెరుచుకుని అసలున్న వాపు బయటపడుతోందట. పళ్లు క్లీన్ చేయించాక తగ్గింది. కదులుతున్న రెండు పళ్లు మాత్రం తీసేయాల్సి వచ్చింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి పోతున్నాం. మచ్చ పలచబడినా ముప్పు సున్నా కాదు కాబట్టి ఏళ్ల తరబడి చూపించుకోవాల్సిందేనట. మధ్యలో నేను వారానికోసారి అదే టార్చి వేసి ఫోటో తీసి పాత ఫోటోతో పోల్చుకుంటాను. మచ్చ అంచు గట్టిపడటం, ఎరుపు మళ్లీ రావడం, రెండు మూడు వారాలైనా మానని పుండు, దవడ కింద గడ్డ, కారణం లేకుండా పన్ను కదలడం, వీటిలో ఏది కనిపించినా మూడు నెలలు ఆగకుండా రమ్మన్నారు. మేనత్త కూడా ఈసారి మాతో వస్తానంది. ఆమెది కుడి బుగ్గ.