గ్యాస్ కట్టేశానా లేదా: తనిఖీల జబ్బుకు నేను చేయించుకున్న వైద్యం

రాత్రి పడుకోబోయే ముందు మా అత్తయ్య సిలిండర్ దగ్గర వంగి రెగ్యులేటర్ కట్టేస్తుంది. వీధి తలుపు గడియ వేసి ఒకసారి లాగి చూస్తుంది. అన్నీ కలిపి అరనిమిషం. మంచం ఎక్కేసరికి ఆవిడ ఆ సంగతే మర్చిపోతుంది. నేను చేసేది కూడా పైకి అలాగే కనిపించేది కాబట్టి మా ఇంట్లో దానికి చాలాకాలం జాగ్రత్త అనే పేరుండేది. "మా కోడలికి జాగ్రత్త ఎక్కువమ్మా" అని అత్తయ్య పక్కింటివాళ్ళతో మెచ్చుకోలుగానే చెప్పేది.

మాది గుంటూరు బ్రాడీపేట. నా ఉద్యోగం విజయవాడలో. పొద్దున్నే ఆయన బాబుని స్కూల్లో దింపి అటే ఆఫీసుకి వెళ్ళిపోతారు. అత్తయ్య సగం రోజులు మా బావగారింట్లో ఉంటుంది. అంటే ఇంట్లోంచి చివర బయటపడేది నేను. ఈ 'చివర' అన్నదే అసలు కీలకమని తర్వాత తెలిసింది. ఇంట్లో మరో మనిషి ఉంటే నాకు ఏ భయమూ ఉండేది కాదు. ఏదైనా జరిగితే తప్పు నాదే అవుతుందన్న రోజునే చేతులు స్టవ్ వైపు పోయేవి.

రెండు పొయ్యిల స్టవ్‌కి ఉండేవి రెండే నాబులు. ఎడమ వైపుది ముందు ముట్టుకుని "ఆఫ్" అనుకోవాలి, తర్వాత కుడిది. తర్వాత రెగ్యులేటర్. తర్వాత బర్నర్ మీద అరచెయ్యి పెట్టి వేడి చూడాలి. ఈలోపు ఫోన్ మోగినా, బయట ఆటో హారన్ కొట్టినా మళ్ళీ ఎడమ నాబు నుంచి మొదలు. గేటు దాకా వెళ్ళాక తాళం సరిగ్గా పడిందా అని వెనక్కి. తాళం తీస్తే ఎలాగూ లోపలికి వచ్చాను కదా అని మళ్ళీ స్టవ్. కొన్నాళ్ళు ఫోన్‌లో ఫొటో తీసుకుని బయల్దేరాను. అది రెండు వారాలు కూడా పనిచెయ్యలేదు. ఫొటో తీశాక నా చెయ్యి నాబుకి తగిలిందేమో అనిపించేది. బస్సు ఎక్కాక ఆయనకి ఫోన్: "ఏమండీ, పొద్దున నేను గ్యాస్ కట్టేశానంటారా?" ఇంట్లోనే లేని మనిషికి ఏం తెలుస్తుంది? అయినా "కట్టేశావులే" అనేవారు. ఆ మాటతో మంగళగిరి దాకా ప్రాణం కుదుటపడేది. చివరికి పొద్దుటిపూట స్టవ్ వెలిగించడమే తగ్గించాను. టీ మానేశాను, పెరుగన్నం డబ్బాలో పెట్టుకునేదాన్ని.

సైకియాట్రిస్ట్ మొదట అడిగింది ఎన్నిసార్లు చూస్తారని కాదు, రోజుకి దీనికి ఎంత సమయం పోతోందని. ఇలాంటి ఆలోచనలు, పనులు రోజుకు గంటకు మించి తినేస్తున్నా, మనిషిని బాగా ఇబ్బంది పెడుతున్నా, ఉద్యోగానికి ఇంటికి అడ్డం పడుతున్నా ఓసీడీ అనే మానసిక జబ్బుగా లెక్కపెడతారట. పది ప్రశ్నల కొలత ఒకటి ఉంది, మొత్తం 40 మార్కులు. 16 నుంచి 23 మధ్య వస్తే మధ్యస్థం. నాది అక్కడ పడింది. డాక్టర్ గారు సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టి, ఈ జబ్బులో మందు పని తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చని ముందే చెప్పారు. అసలు పని మాత్రం సైకాలజిస్ట్ దగ్గర ఉంటుందన్నారు.

సైకాలజిస్ట్ మేడమ్ చెప్పిన ఒక ప్రయోగం నా తలలో ముడి విప్పింది. 2003లో నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు మామూలు విద్యార్థులను, అంటే ఈ జబ్బు లేనివాళ్ళను, కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ నాబులు వెలిగించి, ఆర్పి, సరిచూడమన్నారు. కొందరు ఆ స్టవ్‌నే 20 సార్లు చూశారు. మిగతావాళ్ళు మధ్యలో స్టవ్ బదులు బల్బులు చూశారు. చివర్లో అందరినీ అడిగారు: ఆఖరిసారి ఏ నాబులు చూశారు? రెండు గుంపులూ ఒకేలా సరైన జవాబులు చెప్పాయి. కానీ స్టవ్‌ని పదేపదే చూసినవాళ్ళకు ఆ జ్ఞాపకం మసకగా ఉంది, వివరాలు తగ్గాయి, తమ జవాబు మీద తమకే నమ్మకం పడిపోయింది. 2006లో కెనడాలో నిజం స్టవ్‌తో చేసినా నమ్మకం అలాగే పడిపోయిందట.

అంటే నాకు మతిమరుపు ఉండి చూడటం లేదు. చూసి చూసి నమ్మకం పోగొట్టుకుంటున్నాను. ఒకే నాబుని ఒకే తీరుగా అన్నిసార్లు చూస్తే ఏ చూపు ఇవాళ్టిదో, ఏది ఇందాకటిదో తేడా ఉండదు. కార్బన్ కాగితం కింద పదో కాపీలాగా అక్షరాలు ఉంటాయి గానీ చదవబుద్ధి కాదు. అత్తయ్య ఒక్కసారే చూస్తుంది కాబట్టి ఆవిడకి ఆ చూపు గుర్తుంటుంది.

ఇంకో తేడా గ్యాస్ మెకానిక్ వచ్చినప్పుడు బయటపడింది. అతను రబ్బరు ట్యూబు తిప్పి చూసి, "దీని గడువు ఎప్పుడో అయిపోయిందమ్మా, తేదీ దీని మీదే ఉంటుంది" అన్నాడు. అన్నాళ్ళుగా నాబులు తడుముతున్నా ఆ ట్యూబు మీద తేదీ ఉంటుందని కూడా నాకు తెలీదు. మేడమ్‌కి చెబితే నవ్వలేదు. "జాగ్రత్త ప్రమాదం ఎక్కడుందో అక్కడ చూస్తుంది. మీ తనిఖీ మీ భయం ఎక్కడుందో అక్కడే చూస్తుంది" అన్నారు. ట్యూబు మార్పించాను. దానికి ఒక పూట పట్టింది, మళ్ళీ దాని గురించి ఆలోచించలేదు. అది జాగ్రత్త.

వైద్యంలో మొదటి పని నిచ్చెన కట్టడం. ఏ పని చేసి వెళ్ళిపోతే ఎంత కంగారు వస్తుందో 0 నుంచి 100 దాకా అంకెలు వేశాను. బాత్రూమ్ లైటు ఆర్పి తిరిగి చూడకపోవడం 30. అత్తయ్య ఇంట్లో ఉండగా స్టవ్ ఒకసారే చూడటం 50. ఒంటరిగా తాళం వేసి, లాగకుండా గేటు దాటడం 70. టీ పెట్టి, ఆర్పి, ఒక్కసారి చూసి, ఫొటో తియ్యకుండా, ఫోన్ చెయ్యకుండా విజయవాడ వెళ్ళడం 95. కింది మెట్టు నుంచి ఎక్కాలి. ప్రతి మెట్టు మీదా భయం పుట్టే పని చెయ్యాలి, భయం తీర్చే పని చెయ్యకూడదు. స్టవ్ వెలిగించి వదిలెయ్యమని మాత్రం ఎప్పుడూ అనలేదు. అపాయాన్ని అనుభవించడం కాదు అక్కడ నేర్చుకోవాల్సింది, అనుమానంతో ఉండగలగడం.

స్టవ్ మెట్టు మొదటిసారి వీడియో కాల్‌లో ఎక్కించారు. ఫోన్ వంటగట్టు మీద డబ్బాకి ఆనించి టీ పెట్టాను. మంట ఆర్పాను. "ఒకసారి చూడండి. ముట్టుకోవద్దు, ఆఫ్ అనుకోవద్దు. ఇక ఫోన్ తీసుకుని బయటికి" అన్నారు. తాళం వేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మా లైను చివరి దాకా నడిచాను. "ఎంత?" అన్నారు. 80. మందుల షాపు దాటాక 90. అక్కడ ఆగి, "మేడమ్, మీరు వీడియోలో చూశారుగా, ఆగింది కదా?" అనేశాను.

"నేను చెప్పనమ్మా. ఆగి ఉండొచ్చు, ఆగకపోయి ఉండొచ్చు. ఆ ప్రశ్నను వెంటేసుకునే నడవండి."

ఒళ్ళు మండింది. ఫీజు తీసుకుని ఈమాత్రం చెప్పదా అనుకున్నాను. శంకర్ విలాస్ వైపు తిరిగి ఎండలో నడుస్తూనే ఉన్నాను. 90, 85, 85. ఆ అంకె చాలాసేపు కదల్లేదు. తర్వాత 60 అన్నాను, ఎందుకు తగ్గిందో నాకే తెలీదు. నేను ఏమీ చెయ్యలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. పక్కన జామకాయలవాడితో బేరం వినిపిస్తోంది, అంతే.

ఇంట్లో ఆయనకీ పాఠం చెప్పారు. నేను ఫోన్ చేస్తే "కట్టేశావులే" అనకూడదు, అదీ తనిఖీయే, నా బదులు ఆయన చేస్తున్నది. "ఇది జబ్బు అడిగే ప్రశ్న, నేను జవాబు చెప్పను, సాయంత్రం మాట్లాడుకుందాం" అనాలి. మొదట్లో ఆయనకే కష్టమైంది. గొంతు మెత్తబడేది, నేను పసిగట్టి "అంటే కట్టేశాననేగా?" అని లాగేదాన్ని. అప్పుడిక ఫోన్ పెట్టేసేవారు.

నాకు అన్నిటికన్నా ఆలస్యంగా దొరికిన దొంగ మనసులో చేసే తనిఖీ. చేతులు కట్టేసుకున్నా బస్సులో కళ్ళు మూసుకుని పొద్దున జరిగిందంతా సినిమాలా వేసుకునేదాన్ని. నాబు టక్కుమన్న చప్పుడు వినిపిస్తే హాయి, వినిపించకపోతే మళ్ళీ మొదటి నుంచి. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి నేను చెప్పేదాకా మేడమ్‌కీ తెలియలేదు. కంగారు తగ్గాల్సినంత తగ్గడం లేదేమిటని ఆవిడే తవ్వి తీశారు. దానికి మందు, ఆ సినిమాని సగంలో వదిలేసి "ఏమో" అనుకోవడం. కట్టేశాను అనుకోకూడదు, ఏమో అనే అనుకోవాలి.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించుకున్నాం. గ్యాస్ వాసన వస్తే, బుస్సుమన్న చప్పుడు వినిపిస్తే, మంట కళ్ళకు కనిపిస్తే వెంటనే చూడాలి. గ్యాస్‌కి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలనే మెర్కాప్టాన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, స్విచ్చులు ముట్టకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యాలి. ఇవేవీ లేకుండా వచ్చే 'ఒకవేళ'కి మాత్రం తిరిగి చూడటం లేదు. అసలీ కాగితం కూడా తనిఖీగా మారుతుందేమోనని మేడమ్‌కి అనుమానం. ఊరికే ముక్కు పీల్చి చూడటం మొదలుపెడితే తీసేస్తానన్నారు.

ఇప్పుడు పొద్దున్నే టీ తాగే బయల్దేరుతున్నాను. తాళం వేశాక 20 దాకా వస్తుంది. సున్నా అవ్వాలని ఎదురుచూడొద్దన్నారు, అదీ మళ్ళీ హామీ అడగడమేనట. నిద్ర తక్కువైన రోజున, ఆఫీసులో ఆడిట్ జరిగేటప్పుడు 50కి పోతుంది. మందు ఇంకా ఉంది, తగ్గించే మాట డాక్టర్ గారు చూసుకుంటారు. ఈ మధ్య గీజర్ స్విచ్ మీదికి చెయ్యి పోతోంది. స్టవ్‌ని వదిలించుకున్నాక జబ్బు అలా పక్క వస్తువుకి జరగడం మామూలేనట. వచ్చే సోమవారం నుంచి దానికీ ఒక నిచ్చెన.