ఏలినాటి శని అంటే ఏడున్నరేళ్లూ ఒకటే కాదు

"వాడిది మేషరాశిరా, ఏలినాటి శని పట్టిందంట. శాంతికి ముప్పై వేలంటున్నారు, కట్టేయమంటావా?" పిన్ని గొంతు వణుకుతోంది. ముందు జాతకం ఫొటో పంపమన్నాను.

తమ్ముడిది భరణి, చంద్రుడు మేషంలో 20 డిగ్రీల దగ్గర. శని 2025 మార్చి నుంచి మీనంలో ఉన్నాడు. అంటే చంద్రుడికి పన్నెండో ఇల్లు, మొదటి రెండున్నరేళ్ల మెట్టు. మనవాళ్లు ఇక్కడ చూసేది ఖర్చు, నిద్ర, దూర ప్రయాణాలు. శని చంద్రుడున్న రాశిలోకే వచ్చే రెండో మెట్టు, జన్మ శని, ఇంకా మొదలే కాలేదు.

2027 జూన్‌లో శని మేషంలో అడుగుపెట్టి, వక్రించి అక్టోబరులో మళ్లీ మీనానికి వెళ్తాడు. నిలకడగా వచ్చేది 2028 ఫిబ్రవరిలో. వీడి చంద్రుడి డిగ్రీ మీదికి చేరేది 2029లో! ఆ తర్వాత వృషభంలో చివరి మెట్టు. అప్పటిదాకా ఉన్న భయమంతా ఇప్పుడే పడిపోతే ఎలా?

పైగా పన్నెండు రాశుల్లో మూడింటికి ఎప్పుడూ ఇది నడుస్తూనే ఉంటుంది. మనూళ్లో నలుగురిలో ఒకరు శనిలోనే ఉన్నట్టు లెక్క. అందరి ఉద్యోగాలూ పోలేదు కదా. దశ ఏం నడుస్తోందో, జాతకంలో శని ఎక్కడున్నాడో చూడకుండా రాశి ఒక్కటి పట్టుకుని చెప్పేవాళ్లను నేనైతే నమ్మను.

పిన్నికి చెప్పింది ఇంతే: కొత్త లోన్ వద్దు, ఎవరికీ హామీ సంతకం పెట్టొద్దు, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూడ్డం మాన్పించు. మనసు ఊరుకోకపోతే శనివారం గుళ్లో నువ్వుల నూనె దీపం పెట్టు.

"మరి ఆ ముప్పై వేలు?" అంది.

వాడి క్రెడిట్ కార్డు బాకీకి కట్టేయమన్నాను.