కప్పు నిండి పొర్లేదాకా: బౌద్ధుల పుణ్యానుమోదన

శ్రీలంకలో ఒక ఇంట్లో ఎవరైనా పోతే, భిక్షువులకు దానమిచ్చాక ఇంటివాళ్లంతా ఒక పళ్లెం చుట్టూ కూర్చుంటారు. పళ్లెంలో కప్పు ఉంటుంది. అందరూ ఒకే కూజా మీద చేయి వేసి, కప్పు నిండి పళ్లెంలోకి పొర్లేదాకా నెమ్మదిగా నీళ్లు పోస్తారు. భిక్షువులు పాళీలో చదువుతారు: "యథా వారివహా పూరా పరిపూరేన్తి సాగరం, ఏవమేవ ఇతో దిన్నం పేతానం ఉపకప్పతి." నిండుగా పారే ఏరులు సముద్రాన్ని నింపినట్టే, ఇక్కడ ఇచ్చినది పోయినవారికి అందుతుందని భావం. తర్పణం వదిలే ఇళ్లలో పెరిగిన మనకు ఈ దృశ్యం పరాయిదిగా తోచదు.

దీని వెనక బింబిసారుడి కథ ఉంది. రాజు బుద్ధుడికి ఘనంగా దానం చేశాడు గానీ, ఎవరినీ తలచుకోలేదు. ఆశగా ఎదురుచూసిన పూర్వజన్మ బంధువులు ప్రేతరూపంలో ఆ రాత్రి రాజభవనంలో ఆక్రోశించారట. బుద్ధుడు కారణం చెప్పాక, మర్నాడు రాజు దానధార పోస్తూ "ఇదం మే ఞాతీనం హోతు" అన్నాడు. ఇది నా బంధువులకు చెందుగాక అని. ఆ నీటితో వాళ్లకు తామర కొలనులు ఏర్పడ్డాయి, అన్నంతో ఆకలి తీరింది, వస్త్రదానంతో బట్టలు దొరికాయి.

అయితే పుణ్యం డబ్బులా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారదు. అవతలివారు విని, "సాధు" అని మనసారా సంతోషించాలి. ఆ సంతోషమే వారి సొంత పుణ్యం. ఇచ్చినవారికి తరిగేదేమీ లేదు. జానుస్సోణి అనే బ్రాహ్మణుడు ఇది నిజంగా అందుతుందా అని అడిగితే, ప్రేతలోకంలో ఉన్నవారికే అందుతుందని బుద్ధుడు సూటిగా చెప్పాడు. మనిషిగానో పశువుగానో దేవుడిగానో పుట్టినవారు అక్కడి ఆహారంతోనే బతుకుతారు. అయినా ఇచ్చినవాడికి ఫలం పోదు.

మరి రోజూ పారాయణం చివర దేవతలతో, భూతాలతో మొదలుపెట్టి "సబ్బే సత్తా అనుమోదన్తు" అని, ఈ పుణ్యానికి సంతోషించమని సమస్త ప్రాణులనూ ఎందుకు పిలుస్తారు? నా మటుకు నాకు, ఇక్కడ పని జరిగేది మన చేతనలోనే. చదివింది నాకోసమేనన్న పట్టు ఆ మాటతో సడలాలి. గబగబా ముగించి లేస్తే సడలదు. అందుకే మొదట పోయినవారిలో ఒకరి పేరు తలచుకోండి, తర్వాత మనకు గిట్టనివారిది. రెండో పేరు దగ్గర మనసు మొరాయిస్తే, అక్కడే కాసేపు ఆగండి.

మన నాగార్జునకొండలోనూ ఈ సంకల్పం రాతి మీద ఉంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి, మహాచైత్యం దగ్గర స్తంభం నిలిపింది. పుట్టింటినీ మెట్టినింటినీ తలచుకుంది. తనకు నిర్వాణం కోరుకుంది. లోకమంతటికీ హితసుఖాలు కోరుకుంది.